డిస్టెన్సా, ఆన్‌లైనా? ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవాళ్లు స్టేట్‌మెంట్ రాసే ముందు

ఉద్యోగం చేస్తూ డిగ్రీయో పీజీయో చేద్దామనుకునేవాళ్లు, ఆ కోర్సు ఎందుకు, ఎలా చదువుతారో చెబుతూ రాసే స్టేట్‌మెంట్లలో నూటికి తొంభై ఒకే మాటతో మొదలవుతాయి: "ఉద్యోగం వల్ల రెగ్యులర్ కాలేజీకి వెళ్లే టైమ్ లేదు, కాబట్టి ఈ కోర్సు ఎంచుకున్నాను." చదివేవాడికి వెంటనే వచ్చే అనుమానం ఒకటే. కాలేజీకి టైమ్ లేనివాడికి చదవడానికి మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? ఆ తర్వాత ఎన్ని పేజీలు "క్రమశిక్షణ గలవాణ్ని, కష్టపడే తత్వం నాది" అని రాసినా ఆ అనుమానం పోదు.

ఇది భాషతో వచ్చిన ఇబ్బంది కాదు. చాలామంది ఏ పద్ధతిలో చదవాలో తేల్చుకోకుండానే రాయడం మొదలుపెడతారు. డిస్టెన్స్, ఆన్‌లైన్ రెండూ "ఇంట్లో కూర్చుని చదివేవే" కదా అని ఒకే పేరా రెండింటికీ పెట్టేస్తారు. కానీ ఈ రెండూ మీ దగ్గర అడిగే క్రమశిక్షణ ఒక రకం కాదు. మీ ఉద్యోగానికి ఏది సరిపోతుందో తేలితే స్టేట్‌మెంట్‌లో రాయాల్సింది సగం దానంతటదే దొరుకుతుంది.

డిస్టెన్స్ పద్ధతిలో గడువులు తక్కువ, ఒక్కొక్కటీ పెద్దది. ఇగ్నోనే తీసుకుందాం. పుస్తకాలు ఇస్తారు. కోర్సుకు తగ్గట్టు అసైన్‌మెంట్లు చేత్తో రాసి గడువులోగా ఇవ్వాలి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ ఉంటాయి. మామూలుగా అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం మార్కులు. మధ్యలో మూడు నెలలు మీరు పుస్తకం తెరవకపోయినా ఎవరూ అడగరు. అందులో సుఖం ఉంది, ప్రమాదమూ ఉంది. డిస్టెన్స్‌లో చేరి మానేసేవాళ్లు పరీక్ష తప్పి మానేసేది తక్కువే. అసైన్‌మెంట్లు పేరుకుపోయి, పరీక్ష ఫీజు కట్టే తేదీ దాటిపోయి, అలా అలా జారిపోతారు.

ఆన్‌లైన్‌లో గడువులు చిన్నవి, కానీ వారం వారం వచ్చేస్తాయి. వీడియో పాఠాలు, చదవాల్సిన మెటీరియల్, చర్చావేదిక, క్విజ్‌లు ఉంటాయి. ఎప్పుడు లాగిన్ అయ్యారు, క్విజ్ రాశారా లేదా అన్నది రికార్డవుతుంది. రెండు వారాలు మాయమైతే మూడో వారం మెయిల్ వస్తుంది. తోసేవాళ్లు ఉంటే తప్ప ముందుకు కదలని మనిషికి ఇది మంచిది. పనిలో నెలల తరబడి ఊపిరాడని సీజన్లు ఉన్నవాళ్లకు మాత్రం ఇదే ఉరితాడు.

సాయంత్రం కాలేజీ అనే మూడో దారి గురించి రెండు ముక్కలు చాలు. హాజరు తప్పనిసరి, క్లాసు టైమ్ మారదు. తొమ్మిది నుంచి అయిదు దాకా ఆఫీసు, కాలేజీ పక్క వీధిలోనే ఉంటే బాగుంటుంది. అలాంటివాళ్లు ఈ వ్యాసం చదవక్కర్లేదు.

ఇక అసలు లెక్క. ఇగ్నో ఒక క్రెడిట్‌ను 30 గంటల చదువుగా లెక్కిస్తుంది. పుస్తకం చదవడం, అసైన్‌మెంట్ రాయడం, పరీక్షకు సిద్ధం కావడం అన్నీ కలిపే ఆ 30. రెండేళ్ల పీజీ 80 క్రెడిట్లు అనుకుంటే 2,400 గంటలు. రెండేళ్లంటే 104 వారాలు, అంటే వారానికి 23 గంటలు. ఉద్యోగం, ఇల్లు, ప్రయాణం పోగా వారానికి 23 గంటలు ఖాళీగా ఉన్నవాళ్లు నాకు పెద్దగా తెలియదు. పనిలో ముందే పరిచయమున్న సబ్జెక్టయితే కొంత తగ్గుతుందనుకోండి, అయినా సగానికి సగం తగ్గదు. కాబట్టి "రెండేళ్లలో ఫస్ట్ క్లాసులో పూర్తి చేస్తాను" అని రాసిన ఉద్యోగి లెక్క వేసుకోలేదని చదివేవాళ్లకు తెలిసిపోతుంది. రెండేళ్ల పీజీలు చాలావాటికి ఇగ్నో నాలుగేళ్ల దాకా గడువిస్తుంది. దాన్ని వాడుకుంటానని రాయడం బలహీనత కాదు.

రెండు ఉదాహరణలు తీసుకుందాం. మనుషులు కల్పితమే గానీ పనులు మన ఊళ్లవే.

మొదటివాడు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. బీకాం చదివి ఆరేళ్లయింది. కామర్స్‌లో పీజీ చేసి ఏదైనా కంపెనీ అకౌంట్స్‌లోకి మారాలని కోరిక. అతని ఏడాది మనలా పన్నెండు సమానమైన నెలలు కాదు. సంక్రాంతి నుంచి మే సగం దాకా కొత్త సరుకు పోటెత్తుతుంది. పొద్దున టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగడంతో మొదలై బేరాలు, కాటాలు అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ తర్వాత రైతులకు అమ్మకం లెక్క చూపే తక్‌పట్టీలు రాయాలి, ఖాతాలు సరిచూడాలి, ఇంటికి చేరేసరికి రాత్రవుతుంది. ఆ నెలల్లో కారం ఘాటు పట్టిన కళ్లతో ఆదివారం రాత్రి పదకొండింటికి క్విజ్ రాయమంటే ఎవరివల్లా కాదు. వేసవిలో యార్డుకు నెల రోజుల సెలవులు వస్తాయి. జులై తర్వాత ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ సరుకే వస్తుంది, పని కాస్త నెమ్మదిస్తుంది.

ఇతను గంటల లెక్క ఇలా వేసుకోవచ్చు. సీజన్ 20 వారాలు వారానికి 5 గంటల చొప్పున 100. సెలవుల్లో 4 వారాలు వారానికి 30 చొప్పున 120. జులై నుంచి డిసెంబర్ దాకా 26 వారాలు వారానికి 18 చొప్పున 468. పండగలకూ పెళ్లిళ్లకూ రెండు వారాలు వదిలేస్తే ఏడాదికి 688 గంటలు. 2,400ను దీంతో భాగిస్తే దాదాపు మూడున్నరేళ్లు. నాలుగేళ్ల గడువులో పడుతుంది, ఊపిరి తీసుకోవడానికి ఆరు నెలలు మిగులుతుంది కూడా. అంటే ఇతనికి డిస్టెన్సే సరైనది. రెగ్యులర్ దొరక్క దీనికి రావడం కాదు, రెగ్యులర్‌లోనూ ఆన్‌లైన్‌లోనూ లేని సౌకర్యం ఇందులో ఉంది కాబట్టి.

అతని స్టేట్‌మెంట్‌లో ఈ పేరా ఉంటే చాలు, "క్రమశిక్షణ" అన్న మాట ఎక్కడా రాయనక్కర్లేదు:

"నేను పనిచేసే మిర్చి వ్యాపారంలో జనవరి నుంచి మే మధ్య వరకు పని ఎక్కువ. ఆ కాలంలో వారానికి అయిదు గంటలకు మించి చదవలేను. అందుకే జూన్ పరీక్షలకు రెండు పేపర్లు మాత్రమే పెట్టుకుంటాను. వాటి అసైన్‌మెంట్లు సీజన్ మొదలవక ముందే డిసెంబర్ చివర, పరీక్షలు ముగిసిన వెంటనే రాసిపెడతాను. చివరి సన్నాహం మే నెలాఖరు నుంచి వచ్చే యార్డు సెలవుల్లో. మిగతా పేపర్లన్నీ డిసెంబర్‌కు. ఈ లెక్కన కోర్సు మూడున్నరేళ్లలో పూర్తవుతుంది. పరీక్ష రోజుల్లో పూట సెలవు ఇవ్వడానికి మా యజమాని ఒప్పుకున్నారు."

ఆఖరి వాక్యం చిన్నదిగా కనిపిస్తుంది గానీ బరువైంది. ఇగ్నో పరీక్షలు పొద్దున పది నుంచి ఒంటిగంట, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు, ఇలా రెండు పూటల్లో జరుగుతాయి. ఒక్కో పేపర్ ఒక పూట. రెండు పేపర్లకు రెండు పూటలు సెలవు అడగడం వేరు, "పరీక్షలున్నాయండీ, నెల రోజులు రాను" అనడం వేరు. మొదటిదానికి ఏ షావుకారైనా "సరే, పోయి రాసిరా, సాయంత్రానికి మాత్రం వచ్చెయ్" అంటాడు. ముందే అడిగి ఒప్పించుకున్నాడంటే ఇతను ప్లాన్ వేసుకుంటాడని వేరే రుజువు అక్కర్లేదు.

రెండో వ్యక్తి విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్. ఆవిడకు సీజన్లు లేవు, షిఫ్టులున్నాయి. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం నైట్. ఆసుపత్రి పరిపాలన వైపు వెళ్లాలని ఎంబీఏ ఆలోచన. ముందు తన సబ్జెక్టులోనే పీజీ చేద్దామనుకుంది గానీ ఆ దారి మూసుకుపోయింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చే కోర్సులను డిస్టెన్స్‌లోనూ ఆన్‌లైన్‌లోనూ నడపకూడదని యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2025లో యూనివర్సిటీలకు చెప్పింది. ఇంజనీరింగ్, లా, నర్సింగ్, ఫార్మసీ లాంటివి అంతకుముందు నుంచే ఈ పద్ధతుల్లో లేవు. ఎవరైనా "మా దగ్గర డిస్టెన్స్ బీటెక్ ఉంది" అంటే ఆ మెట్లు దిగి వచ్చేయడమే.

ఈవిడకు డిస్టెన్స్ కంటే ఆన్‌లైన్ నయం. ఎందుకంటే ఏ వారం తీసుకున్నా అందులో ఎక్కడో ఒక ఖాళీ ఉంటుంది, దాని చోటు మాత్రం మారుతుంది. రికార్డు చేసిన పాఠాన్ని ఈ వారం పొద్దున చూస్తే వచ్చే వారం సాయంత్రం చూడొచ్చు. నాలుగు నెలల దూరంలో ఉన్న పరీక్ష కోసం నైట్ డ్యూటీ దిగొచ్చిన మనిషి పుస్తకం పట్టుకోవడం కష్టం. ఆదివారం రాత్రికి మూసుకుపోయే క్విజ్ ఉంటే పట్టుకుంటుంది. కానీ లైవ్ క్లాసుకు హాజరు తప్పనిసరా అన్నది చేరకముందే అడగాలి. వారానికి మూడు రోజులు రాత్రి ఏడింటికి లైవ్‌లో ఉండాల్సిందే అన్న కోర్సయితే పేరుకే ఆన్‌లైన్, మూడు వారాల్లో రెండు వారాలు ఆవిడకు అది సాయంత్రం కాలేజీతో సమానం.

గంటల లెక్క ఇక్కడా తప్పదు. పొద్దున షిఫ్టు వారం 15 గంటలు, మధ్యాహ్నం షిఫ్టు వారం 15, నైట్ వారం 8. మూడు వారాలకు 38, అంటే సగటున వారానికి పన్నెండు, పదమూడు గంటలు. నాలుగు సెమిస్టర్లూ రెండేళ్లలోనే అయిపోవాలనే కోర్సుకు ఇది చాలదు. కాబట్టి ఆవిడ యూనివర్సిటీని అడగాల్సిన రెండో ప్రశ్న: సెమిస్టర్‌కు తక్కువ సబ్జెక్టులు తీసుకుని ఎక్కువ కాలం చదవనిస్తారా? "కుదరదు" అంటే ఆ కోర్సు ఎంత పేరున్నదైనా వదిలేయాలి. "కుదురుతుంది" అంటే స్టేట్‌మెంట్ ఇలా నడవొచ్చు:

"నా డ్యూటీ మూడు వారాలకోసారి మొదటికొస్తుంది. పొద్దున షిఫ్టు ఉన్న వారం సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది వరకు, మధ్యాహ్నం షిఫ్టు ఉన్న వారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు వరకు చదువుతాను. నైట్ డ్యూటీ వారంలో కొత్త పాఠం మొదలుపెట్టను; ఆ వారం క్విజ్ శుక్రవారంలోగా రాసి, పాత నోట్స్ చూసుకుంటాను. అందుకే సెమిస్టర్‌కు సగం సబ్జెక్టులే తీసుకోవాలని నిర్ణయించుకున్నాను."

"నైట్ డ్యూటీ వారంలో కొత్త పాఠం మొదలుపెట్టను" అన్న ఒక్క ముక్క చూడండి. తన వల్ల కానిది ఏదో తెలిసిన మనిషి రాసిన వాక్యమది. స్టేట్‌మెంట్లు చదివేవాళ్లు వెతికేది ఇలాంటివాటి కోసమే. "రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదువుతాను" అని రాసినవాళ్లను వాళ్లు వందలమందిని చూసుంటారు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. అడ్మిషన్ కోసం ఇలాంటి స్టేట్‌మెంట్ అందరూ అడగరు. ఇగ్నోలో మామూలు కోర్సుల దరఖాస్తులో వ్యాసం రాయమనరు. అర్హత ఉంటే చేర్చుకుంటారు. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ కోర్సులో మామూలు దారిలో చేరాలన్నా మాటలు అడగరు. నాలుగు వారాల పాఠాలిచ్చి, వారం వారం అసైన్‌మెంట్ పెట్టి, చివర పరీక్షా కేంద్రంలో క్వాలిఫయర్ రాయిస్తారు. నాలుగు వారాలు నిలబడ్డావా లేదా అన్నదే అక్కడ స్టేట్‌మెంట్.

మరి ఎక్కడ పనికొస్తుంది? విదేశీ యూనివర్సిటీల ఆన్‌లైన్ మాస్టర్స్‌కు అప్లై చేసినప్పుడు, ఆఫీసువాళ్లను ఫీజు భరించమనో సెలవులు ఇమ్మనో అడిగినప్పుడు, స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలో, ఆ తర్వాత ఎప్పుడో ఉద్యోగం మారేటప్పుడు "డిస్టెన్స్‌లో ఎందుకు చేశారు?" అని అడిగినప్పుడు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మనవాళ్లకు బాగా తెలిసిన జార్జియా టెక్ ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ 2014 నుంచి నడుస్తోంది. అక్కడ స్టేట్‌మెంట్ కచ్చితంగా చదువుతారు. పది కోర్సులు, ఆరేళ్ల దాకా గడువు. అయితే మొదటి ఏడాదిలోనే ఫౌండేషన్ కోర్సులు రెండింటిలో కనీసం బి గ్రేడ్ తెచ్చుకోవాలి. కాబట్టి అక్కడికి రాసేవాళ్లు ఆరేళ్ల ప్రణాళిక కంటే ఆ మొదటి ఏడాది ఎలా దాటుతారో చెప్పాలి. "టర్ముకు ఒక్క కోర్సే తీసుకుంటాను, మా ప్రాజెక్టు రిలీజులు ఫలానా నెలల్లో ఉంటాయి కాబట్టి ఆ టర్ములో తేలిక కోర్సు పెట్టుకుంటాను" అన్న వాక్యం అక్కడ బాగా పనిచేస్తుంది.

రుజువు సంగతికి వద్దాం. చేయబోయేది ఎంత బాగా రాసినా, చేసింది ఒకటైనా చూపించాలి. బీకాం మార్కులు ఆరేళ్ల కిందటివి, అప్పుడు ఉద్యోగం లేదు, పెళ్లి కాలేదు. ఉద్యోగంలో ఉండగా ఏం చదివారన్నదే లెక్కలోకి వస్తుంది. దీనికి నాకు తెలిసినంతలో చవకైన మార్గం ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలైన స్వయం లేదా ఎన్‌పీటెల్‌లో ఒక పన్నెండు వారాల కోర్సు. పాఠాలు ఉచితం, పరీక్ష రాయాలంటేనే ఫీజు. ఎన్‌పీటెల్‌లో వారం వారం అసైన్‌మెంట్లుంటాయి. పన్నెండింటిలో మంచి మార్కులు వచ్చిన ఎనిమిదింటి సగటుకు 25 శాతం, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం. సర్టిఫికెట్ మీద ఈ రెండు మార్కులూ విడివిడిగా కనిపిస్తాయి. అసైన్‌మెంట్ మార్కు 25కు 22 ఉంటే మీరు వారం వారం కూర్చున్నారని ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అది మీకు మీరు పెట్టుకునే పరీక్ష కూడా. అసైన్‌మెంట్ మార్కులు మొదట్లో బాగుండి ఆరో వారం నుంచి వరసగా సున్నాలు పడి, చివరి పరీక్ష మాత్రం బాగా రాసేశారనుకోండి. అప్పుడు మీది వారం గడువుల మనస్తత్వం కాదు, పరీక్ష ముందు కూర్చుని లాగేసే మనస్తత్వం. మీకు డిస్టెన్స్ నయం. అసైన్‌మెంట్లు అన్నీ రాసి పరీక్షలో తడబడితే ఆన్‌లైన్ వైపు చూడండి, చేరేముందు చివరి పరీక్షకు ఎంత శాతమో కనుక్కోండి. రెండూ మధ్యలోనే ఆగిపోతే స్టేట్‌మెంట్ రాయడం ఒక ఏడాది వాయిదా వేసుకోవచ్చు, ఫీజైనా మిగులుతుంది.

ఇంతకుముందు డిస్టెన్స్‌లో చేరి మానేసినవాళ్లు ఆ సంగతి దాచకూడదు. పాత ఎన్‌రోల్‌మెంట్ ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. పైగా ఇప్పుడు డిస్టెన్స్‌కైనా ఆన్‌లైన్‌కైనా చేరేముందు విద్యార్థి తన పేరున యూజీసీ డిస్టెన్స్ విభాగం ఇచ్చే డెబ్ ఐడీ తీసుకోవాల్సిందే, దానికి క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరైన ఏబీసీ ఐడీ ఉండాలి. రెండు వాక్యాల్లో చెప్పేస్తే చాలు: ఏ నెలలో ఆగింది, ఎందుకు ఆగింది, ఈసారి ఆ నెలకు ఏం ఏర్పాటు చేసుకున్నారు. పది వాక్యాలు రాస్తే సంజాయిషీలా వినిపిస్తుంది.

ఆ డెబ్ ఐడీ తీసుకునే deb.ugc.ac.in లోనే మీరు చేరబోయే యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో చూసుకోండి. మూడూ చూడాలి. యూనివర్సిటీకి అనుమతి ఉండి కోర్సుకు లేకపోవచ్చు, పోయిన ఏడాది ఉండి ఈ ఏడాది లేకపోవచ్చు. బీసెంట్ రోడ్డులోనో అరండల్‌పేటలోనో మెట్ల మీద బోర్డు పెట్టుకున్న కన్సల్టెన్సీ "అప్రూవ్డ్ సార్" అంటే సరిపోదు. ఫ్రాంచైజీలు పెట్టుకుని కోర్సులు నడపడానికి నిబంధనలే ఒప్పుకోవు. అనుమతి ఉన్న కోర్సు చేస్తే ఆ డిగ్రీకి రెగ్యులర్ డిగ్రీతో సమానమైన గుర్తింపు ఉంటుందని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. అందువల్ల స్టేట్‌మెంట్‌లో "డిస్టెన్స్ అయినా విలువ ఉంటుందని నమ్ముతున్నాను" లాంటి వాక్యాలు తీసేయండి. ఎవరూ అడగని చోట సమర్థించుకుంటే లేని లోటు ఉన్నట్టు కనిపిస్తుంది.

చివరగా ఇంకొకటి చేర్చుకోవచ్చు, చాలామంది రాయరు: ఉద్యోగం మారితే ఏం చేస్తారు? గుమాస్తాకు రేపు విజయవాడలో కంపెనీ ఉద్యోగం దొరికితే మిర్చి సీజన్ మీద కట్టుకున్న లెక్కంతా తారుమారవుతుంది. నెలనెలా జీఎస్టీ రిటర్నులు, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అంటూ వేరే గడువులు మీద పడతాయి. అప్పుడు చదువు నెల మొదటి వారంలోకీ ఆఖరి వారంలోకీ జరగాలి. ఇగ్నోలో అయితే పరీక్షా కేంద్రం మార్చుకోవడానికి దారి ఉంటుంది కాబట్టి ఊరు మారడం పెద్ద అడ్డంకి కాదు. "పని మారితే పేపర్ల సంఖ్య తగ్గిస్తాను గానీ ఏ పరీక్షా కాలాన్నీ పూర్తిగా వదలను, కనీసం ఒక పేపరైనా రాస్తాను" అని ఒక వాక్యం పెడితే, మూడున్నరేళ్ల ప్రణాళికలో చదివేవాళ్లకు మిగిలే పెద్ద ప్రశ్నకు జవాబు దొరికినట్టే.